బోరు నీళ్లకు తట్టుకునే కెటిల్ ఏది?

కరెంటు కెటిల్ కొనేటప్పుడు మనోళ్లు రెండే అడుగుతరు: ఎన్ని లీటర్లు పడ్తది, ధర ఎంత. నన్నడిగితే అంతకన్నా ముందుగాల అడగాల్సింది ఇంకోటుంది. అండ్ల ఏ నీళ్లు పోస్తం, దాన్ని ఏ ప్లగ్గుకు పెడ్తం? షాపుల ఉన్నప్పుడు అన్ని కెటిళ్లు మెరుస్తయి. మూడు నెలలు బోరు నీళ్లు కాగినంక దాని అసలు సంగతి బయటపడ్తది.

హైదరాబాద్‌ల రూం తీస్కొని పరీక్షలకు చదువుతున్న మా ఊరి పిలగాడొకడు కెటిల్ పట్టుకొచ్చి నా ముందట పెట్టిండు. "అన్నా, నీళ్లు మసలక ముందే టక్కుమని బంద్ అయితుందే, ఇది ఖరాబు మాల్" అన్నడు. మూత తీసి చూస్తే అడుగున తెల్లటి పెచ్చు, గోరుతోని గీకినా ఊడొస్తలేదు. కెటిల్‌కు ఏం రోగం లేదు. దాని అడుగున సున్నం పేరుకున్నది, అంతే.

ఆ సున్నం యాడికెళ్లి వచ్చింది? భూమిల రాళ్ల సందుల నుంచి వచ్చే నీళ్లల్ల కాల్షియం బైకార్బొనేట్ కరిగి ఉంటది. నీళ్లు వేడైతే అది విరిగి కాల్షియం కార్బొనేట్ అయితది. ఇది నీళ్లల్ల కరగదు, అందుకే ఎక్కువ వేడున్న అడుగుకే అతుక్కుంటది. తాగే నీళ్ల కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపల ఉంటే మంచిదనీ, వేరే నీళ్లు దొరకనప్పుడు 600 దాకా ఓర్చుకోవచ్చనీ మన దేశ ప్రమాణం చెప్తది. మీ బోరు నీళ్లల్ల వేడికి విరిగే సున్నమే లీటరుకు 300 మిల్లీగ్రాములు ఉన్నదనుకుందాం. రోజుకు రెండుసార్లు లీటరు చొప్పున కాగబెడితే, నెలకు ఎక్కువల ఎక్కువ 18 గ్రాములు తేలాలె. కొంత నీళ్లతోనే గిలాసలకు పోతది. సగం అతుక్కున్నా నెలకు 9 గ్రాములు.

ఆ పెచ్చు విషమేం గాదు, సుద్ద లాంటిదే. కెటిల్‌కు మాత్రం అది చేటు చేస్తది. సున్నంల నుంచి వేడి తొందరగ దాటదు. కింద ఎలిమెంటు పుట్టించిన వేడి నీళ్లకు చేరక, అడుగు రేకే ఉడికిపోతది. నీళ్లు లేవేమో అనుకొని లోపలి రక్షణ స్విచ్చు కరెంటు కోస్తది. ఆ పిలగాని కెటిల్ మసలక ముందే ఆగింది గందుకే. గట్లనే నడిపిస్తే ఎలిమెంటు తొందరగ కాలిపోతది. ఇంకో మాట. నల్లగొండ దిక్కు ఫ్లోరైడ్ నీళ్లున్న ఊర్లల్ల కాగబెడితే నీళ్లు మంచిగైతయని అనుకోకుండ్రి. కాగితే క్రిములు చస్తయి గని ఫ్లోరైడ్ పోదు.

పెచ్చు తీసుడు అలక. లీటరు నీళ్లల్ల రెండు పెద్ద చెంచాల నిమ్మ ఉప్పు వేసి, బాగా వేడి చేసి, మసలక ముందే బంద్ చేసి అర్ధగంట వదిలేయాలె. బుడగలొచ్చుకుంట సున్నం కరుగుతది. పారబోసి కడిగి, ఉత్త నీళ్లు ఒకసారి మసలబెట్టి అవి సుత పారబోయాలె. బాత్రూం యాసిడ్ మాత్రం అసలే పోయొద్దు, అది స్టీలును తింటది. ఇనుప పీచుతోని గీకినా స్టీలు మీద గీతలు పడి, అక్కడికెళ్లే తుప్పు మొదలైతది.

ఇగ కొనుడు సంగతి. ఎలిమెంటు అంటే లోహపు గొట్టంల నిక్రోమ్ తీగ, దాని సుట్టు మెగ్నీషియం ఆక్సైడ్ పొడి. ఈ పొడి వేడిని బయటికి పంపుతది, కరెంటును ఆపుతది. కొన్నిట్ల ఈ గొట్టం చుట్ట లెక్క నీళ్లల్లనే కనపడ్తది. దాని సందులల్ల సున్నం చేరితే తీసుడు కష్టం, చుట్ట మునిగేటన్ని నీళ్లు ఎప్పుడూ ఉండాలె. బోరు నీళ్లకైతే గొట్టం అడుగు రేకు కింద దాగి, లోపల చదునుగ ఉన్న కెటిలే నయం.

లోపలి స్టీలు 304 రకం అయితే మంచిది. అండ్ల సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటయి, ఉప్పు నీళ్లకు సుత చానా మటుకు ఓర్చుకుంటది. అగ్గువ దాంట్ల వచ్చే 201 రకంల నికెల్ తగ్గించి మాంగనీస్ కలుపుతరు, దానికి తొందరగ చుక్కల తుప్పు పడ్తది. అయస్కాంతం అంటుకోలేదు గాబట్టి 304 అని షాపాయన చెప్తే నమ్మకుండ్రి. 201కు సుత అయస్కాంతం అంటదు. డబ్బా మీద SS 304 అని రాసి ఉన్నదా లేదా చూసుకోవాలె. బయట ప్లాస్టిక్, లోపల స్టీలు ఉన్న రెండు పొరల కెటిలైతే చెయ్యి కాలదు. గాజు కెటిల్‌ల సున్నం ఎంత పట్టిందో కండ్లకు కనపడ్తది గని, ఇరుకు రూంల పగిలే భయం ఉంటది.

రక్షణకు రెండు స్విచ్చులుండాలె. ఒకటి నీళ్లు మసలంగనే ఆపేది. ఆవిరి పైనున్న చిన్న రంధ్రంల నుంచి పోయి రెండు లోహాల బిళ్లకు తగిలితే, అది వంగి స్విచ్చును కొడ్తది. మూత తెరిచి పెడితే ఆవిరి అటు పోదు, కెటిల్ ఆగదు. రెండోది నీళ్లు ఇంకిపోతే ఆపేది. షాపులనే గిలాసెడు నీళ్లు పోపించి, మూత పెట్టి చూడుండ్రి. మసలిన కొద్దిసేపట్లనే టక్కుమని ఆగాలె. ISI గుర్తు పైన IS 367 అనీ, కింద CM/L నంబరనీ ఉన్నదా చూడుండ్రి. ఆ నంబరు BIS CARE యాప్‌ల కొడితే లైసెన్సు ఎవరిదో తెలుస్తది.

అన్నిటికన్నా పెద్ద సంగతి ఎర్త్. ఎలిమెంటు గొట్టం పగిలితే లోపలి పొడి తడిసి, కరెంటు స్టీలు బాడీకి వస్తది. ఎర్త్ మంచిగుంటే ఆ కరెంటు భూమికి పోతది, మెయిన్‌ల లీకేజీ బ్రేకరుంటే వెంటనే కొట్టేస్తది. ఎర్త్ లేకుంటే, కెటిల్ ముట్టుకున్న మనిషి ఒంట్లకెళ్లి పోతది. మన పాత ఇండ్లల్ల మూడో రంధ్రం ఉంటది గని, ఎన్కకు వైరు ఉండదు. ఎలక్ట్రీషియన్‌తోని చూపియ్యాలె. మూడో పిన్ను విరగ్గొట్టి రెండు పిన్నుల డబ్బాల పెట్టుడు ప్రాణాలతోని ఆడుకునుడే.

1500 వాట్లను 230 వోల్టులతోని భాగిస్తే ఆరున్నర ఆంపియర్లు. చిన్న ప్లగ్గు ఓర్చుకునేది 6 మాత్రమే. ఫోను చార్జరు పెట్టే ఎక్స్‌టెన్షన్ డబ్బాకు దీన్ని తగిలిస్తే పిన్నులు వేడెక్కుతయి, ప్లాస్టిక్ నల్లవడ్తది, వాసనొస్తది. గా వాసనొచ్చిందంటే ఎమ్మటే బంద్ చేయాలె. రూంల పెద్ద 16 ఆంపియర్ల సాకెట్ లేకుంటే తక్కువ వాట్ల కెటిల్ కొనుడే తెలివి. రెండు నిమిషాలు ఆలస్యంగ చాయ్ తాగుతం, అంతేగ.