పని తీసుకున్నాం, ఇంకా పూర్తికాలేదు: 202 జవాబు

ఒక వ్యాపార సంస్థ తన ఏడాది అమ్మకాల నివేదిక కావాలని సర్వర్‌ను అడిగిందనుకుందాం. లక్షల వరుసలు చదివి ఫైలు తయారుచేయడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. అంతసేపు కనెక్షన్ నిలవదు. మధ్యలో ఉండే ఎన్‌జిన్‌ఎక్స్ ప్రాక్సీ, అమరికలు మార్చకపోతే, వెనక సర్వర్ నుంచి 60 సెకన్ల పాటు ఏమీ రానప్పుడు 504 చూపించి తెంపేస్తుంది. వెనక పని మాత్రం చాలాసార్లు సాగుతూనే ఉంటుంది. అది తెలియక వాడుకరి మళ్లీ నొక్కుతాడు, అదే నివేదిక రెండోసారి మొదలవుతుంది.

ఇలాంటి పనులకు హెచ్‌టీటీపీలో ఉన్న జవాబు 202. పని స్వీకరించాం, ఇంకా పూర్తికాలేదు అని దాని అర్థం. పూర్తవుతుందన్న హామీ అందులో లేదు. పని ముగిశాక సర్వర్ తనంతట తాను రెండో జవాబు పంపే వీలు కూడా హెచ్‌టీటీపీలో లేదు. అందుకే స్థితి తెలుసుకునే చిరునామాను 202తో పాటే ఇస్తారు.

```
POST /reports

HTTP/1.1 202 Accepted
Location: /jobs/8f3a
Retry-After: 10
```

క్లయింట్ పది సెకన్లు ఆగి `/jobs/8f3a`ను అడుగుతుంది. పని నడుస్తుంటే 200 కోడ్‌తో `running` అని వస్తుంది. పూర్తయితే `succeeded`, దాంతో పాటు ఫైలు లింకు వస్తాయి. నివేదిక విఫలమైనా కోడ్ 200గానే ఉండడం సబబు, ఎందుకంటే స్థితి అడిగిన ప్రశ్నకు జవాబు సరిగ్గానే దొరికింది. `failed` అన్న మాట, కారణం లోపల ఉంటాయి. అక్కడ 500 పంపితే చెడింది నివేదికా, స్థితి చెప్పే సర్వరా అన్నది క్లయింట్‌కు తెలియదు.

అసలు జాగ్రత్త 202 పంపే ముందు తీసుకోవాలి. పని వివరాలను డేటాబేస్‌లో రాసిన తర్వాతే ఆ జవాబు వెళ్లాలి. జ్ఞాపకంలో మాత్రమే ఉంచితే, సర్వర్ ఒక్కసారి ఆగి లేచేసరికి పని మాయమవుతుంది, స్థితి అడిగినవారికి 404 ఎదురవుతుంది. 202 జవాబే దారిలో పోవచ్చు కూడా. అందుకని క్లయింట్ ప్రతి కొత్త పనికీ ఒక ప్రత్యేక సంఖ్య జతచేస్తుంది. అదే సంఖ్య మళ్లీ వస్తే సర్వర్ కొత్త పని మొదలుపెట్టకుండా పాత చిరునామానే తిరిగిస్తుంది.

కనిపెట్టడం కష్టమైన లోపం మరొకటి ఉంది. పని చేస్తున్న ప్రోగ్రామ్ మధ్యలో కూలిపోతే స్థితి ఎప్పటికీ `running` అనే చూపిస్తుంది. గంట క్రితం మొదలైన నాలుగు నిమిషాల పని ఇంకా నడుస్తోందంటే అనుమానించాల్సింది దీన్నే. ఆ ప్రోగ్రామ్ ప్రతి 30 సెకన్లకు డేటాబేస్‌లో సమయం రాస్తుంటే, రెండు నిమిషాలు రాయనప్పుడు పనిని మరో ప్రోగ్రామ్‌కు అప్పగించవచ్చు. అయితే సగంలో ఆగిన పనిని మళ్లీ మొదటినుంచి చేసినా నష్టం లేకుండా రాసుకుని ఉండాలి.

ఫైళ్లను ఎల్లకాలం దాచలేరు. 24 గంటలు అని గడువు పెట్టుకుంటే, అది దాటాక ఆ చిరునామా 410 ఇవ్వాలి. అది చూసి క్లయింట్ అడగడం మానేస్తుంది.