మీ లెక్కలో 3,65,800... మా లెక్కలో 1,53,400

"మీ స్టేట్‌మెంట్ మా లెడ్జర్‌తో టాలీ కావడం లేదు. దయచేసి సరిచూసుకోగలరు." సరుకు అమ్మి డబ్బు కోసం ఎదురుచూసే చిన్న వ్యాపారికి కంపెనీల ఎకౌంట్స్ విభాగం నుంచి తరచుగా వచ్చే జవాబు ఇది. ఇందులో అబద్ధమేమీ లేదు, పనికొచ్చే ముక్కా లేదు. తేడా ఎంతో, ఏ బిల్లు దగ్గర వచ్చిందో, ఎవరు దిద్దుకోవాలో చెప్పకపోతే వచ్చే నెల మళ్లీ ఇదే ఉత్తరం రాసుకోవాలి. అది వచ్చినప్పుడల్లా వ్యాపారికి కలిగే అనుమానం ఒక్కటే, డబ్బు ఎగ్గొట్టడానికి సాకులు వెతుకుతున్నారని.

చాలాసార్లు ఎగవేత ఉండదు. ఇద్దరూ తమ దగ్గరున్న కాగితాల ప్రకారం సరిగ్గానే రాసుకుని ఉంటారు. అయినా అంకెలు కలవవు. ఎందుకు కలవవో ఒక ఊహా ఉదాహరణతో చూద్దాం.

గుంటూరులో పచ్చళ్లు, మసాలాలు ప్యాక్ చేసే కంపెనీ ఒకటి ఉంది. దాని ప్యాకింగ్ యంత్రాలకు విడిభాగాలు అమ్మి, రిపేర్లు కూడా చేసి పెట్టే పార్ట్‌నర్‌షిప్ సంస్థ హైదరాబాద్ బాలానగర్‌లో ఉంది. 2025 జూన్ ఆఖరుకి పాత బాకీలేమీ లేవు. ఆ తర్వాత మూడు నెలల్లో బాలానగర్ నుంచి నాలుగు బిల్లులు వెళ్లాయి. 18 శాతం జీఎస్టీ కలుపుకుని జులైలో విడిభాగాలకు 2,36,000, ఆగస్టు మొదట్లో రిపేరుకు 1,18,000, ఆగస్టు ఆఖరులో మళ్లీ విడిభాగాలకు 1,77,000, సెప్టెంబర్ 28న ఇంకో 70,800. మొత్తం 6,01,800 రూపాయలు. జులై బిల్లు డబ్బు 2,36,000 అందింది. కాబట్టి సెప్టెంబర్ 30 నాటికి రావలసింది 3,65,800 అని స్టేట్‌మెంట్ పంపారు. గుంటూరు లెడ్జర్ మాత్రం ఇవ్వాల్సింది 1,53,400 అంటోంది. తేడా 2,12,400.

ఎకౌంటెంట్లకు పాత చిట్కా ఒకటుంది. తేడాను 9తో భాగిస్తే శేషం రాకపోతే అంకెలు తారుమారై ఉంటాయని, అంటే 54కి బదులు 45 రాసి ఉంటారని అనుమానిస్తారు. 2,12,400ని 9తో భాగిస్తే శేషం రాదు. కానీ ఇక్కడ ఏ అంకే తారుమారు కాలేదు. చిట్కాను నమ్ముకుంటే ఒక పూట వృథా. రెండు ఖాతాలనూ పక్కపక్కన పెట్టుకుని బిల్లు తర్వాత బిల్లు టిక్కు పెట్టుకుంటూ పోవడమే దారి. గుంటూరు ఆఫీసులో ఫైనాన్స్ చూసే అధికారి ఆ పని చేసి, అక్టోబర్ 8న ఇలా రాశారు.

"నమస్తే అండీ. సెప్టెంబర్ 30 నాటి మీ స్టేట్‌మెంట్ అందింది. మీరు 3,65,800 చూపించారు, మా పుస్తకాల్లో 1,53,400 ఉంది. తేడా 2,12,400 ఇలా వచ్చింది. మీ సెప్టెంబర్ 28 బిల్లు సరుకు మాకు అక్టోబర్ 1న చేరింది కాబట్టి ఆ 70,800 మా అక్టోబర్ లెక్కలో ఉంది. రిపేరు బిల్లుకి సెప్టెంబర్ 19న 1,16,000 నెఫ్ట్ చేశాం, యూటీఆర్ నంబరు, బ్యాంకు రసీదు జతచేశాను. ఇది మీ స్టేట్‌మెంట్‌లో కనపడలేదు. అదే బిల్లుపై 2,000 టీడీఎస్ కోశాం. ఆగస్టు ఆఖరు బిల్లులో 30 విడిభాగాలకు 4 కొలత తప్పి వెనక్కి పంపాం, పన్నుతో కలిపి 23,600. సెప్టెంబర్ 4 నాటి మా డెబిట్ నోటు, ఇన్‌స్పెక్షన్ రిపోర్టు జతచేశాను. ఈ నాలుగూ కలిపితే సరిగ్గా 2,12,400. మొదటిదానికి మీరు చేయాల్సిందేమీ లేదు. రెండోది, మూడోది మీ పుస్తకంలో జమ వేసుకోగలరు. నాలుగోదానికి క్రెడిట్ నోటు పంపగలరు. దేనితోనైనా ఏకీభవించకపోతే ఆ ఒక్క అంశం రాయండి, మిగతావి ఆపను."

ఈ ఉత్తరంలో నచ్చేది ఏమిటంటే చివరి రూపాయి వరకూ తేడా తేలిపోయింది. "దాదాపు సరిపోయింది, మిగిలిన కొంచెం చూద్దాం" అనే ఎకౌంట్స్ వాళ్లని నేను నమ్మను. మిగిలిన ఆ కొంచెం ఒక్కోసారి రెండు పెద్ద తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకోగా మిగిలిన ముక్క అవుతుంది.

దారిలో ఉన్న సరుకు సంగతి తేలిక. అమ్మినవాళ్లు బిల్లు కొట్టిన రోజే పుస్తకంలో రాసుకుంటారు. కొన్నవాళ్లు సరుకు గేటు దాటి లోపలికి వచ్చి, స్టోర్స్ వాళ్లు లెక్కపెట్టి సంతకం చేశాకే రాసుకుంటారు. ఈ తేడా నాలుగు రోజుల్లో దానంతటదే సర్దుకుంటుంది. మార్చి 31కి మాత్రం రెండు వైపులా ఆడిటర్లు అడుగుతారు, ఎందుకంటే అప్పుడది ఏ సంవత్సరం లెక్కలోకి వస్తుందన్నది ప్రశ్న.

1,16,000 కథ అంత తేలిక కాదు. ఆ డబ్బు బాలానగర్ సంస్థ బ్యాంకు ఖాతాలో సెప్టెంబర్ 19నే పడింది. కానీ అక్కడి గుమాస్తా ఎదురుచూస్తున్నది 1,18,000 కోసం. అంతే మొత్తం ఉన్న బిల్లు దొరకక, ఎవరిదో తర్వాత చూద్దామని సస్పెన్స్ ఖాతాలో పడేశారు. చిన్న సంస్థల పుస్తకాల్లో సస్పెన్స్ ఖాతా తెరిచి చూస్తే ఇలాంటివి నెలల తరబడి పడి ఉంటాయి. తప్పు సగం పంపినవాళ్లది కూడా. డబ్బు వేసిన రోజే ఏ బిల్లుకి ఎంత, ఎంత టీడీఎస్ పోయిందో చెప్పే పేమెంట్ అడ్వైస్ ఒకటి మెయిల్ చేసి ఉంటే ఈ 1,16,000 అనాథగా మిగిలేది కాదు.

ఆ 2,000 సంగతి. రిపేరు కాంట్రాక్టు పని కాబట్టి పార్ట్‌నర్‌షిప్ సంస్థకి 2 శాతం టీడీఎస్ కోయాలి. సొంత పేరు మీద వ్యాపారం చేసే వ్యక్తికైతే 1 శాతం. బిల్లులో జీఎస్టీ విడిగా చూపితే కోత అసలు ధర మీదే, అంటే 1,00,000 మీద 2,000. ఎవరైనా 2,360 కోశారంటే పన్ను మీద కూడా కోశారని అర్థం, అడగవచ్చు. విడిభాగాల బిల్లుల మీద కోత ఎందుకు లేదంటే సరుకు కొనుగోలుకి నియమం వేరు. ఒకే సంస్థ దగ్గర ఏడాదిలో కొన్నది 50 లక్షలు దాటితేనే, ఆ దాటినదాని మీదే 0.1 శాతం. అది కూడా కొన్నవాళ్ల ముందటేడాది టర్నోవరు 10 కోట్లు మించి ఉంటేనే.

వ్యాపారి ఇక్కడ మరో అనుమానం పడతారు. అక్టోబర్ మొదట్లో తన 26ఏఎస్ తెరిచి చూస్తే ఆ 2,000 కనపడదు. కోశామంటున్నారు, ప్రభుత్వానికి కట్టలేదేమో! నిజానికి ఆగస్టులో కోసినది సెప్టెంబర్ 7లోగా కట్టాలి, కానీ ఎవరి పేరున కట్టారో చెప్పే త్రైమాసిక రిటర్నుకి గడువు అక్టోబర్ 31. అది దాఖలయ్యాకే 26ఏఎస్‌లో పేరు పడుతుంది. నవంబర్ మధ్యకి ఫారం 16ఏ చేతికి రావాలి. అప్పటికీ రాకపోతే పోట్లాడండి.

వెనక్కి పంపిన నాలుగు విడిభాగాల విషయంలో పొరపాట్లు ఎక్కువగా జరుగుతాయి. కొన్నవాళ్లు డెబిట్ నోటు రాసి తమ పుస్తకంలో బాకీ తగ్గించుకుంటారు, పని అయిపోయిందనుకుంటారు. అవ్వదు. జీఎస్టీ చట్టం ప్రకారం బిల్లు విలువనీ దాని మీది పన్నునీ తగ్గించే కాగితం అమ్మినవాళ్లు ఇచ్చే క్రెడిట్ నోటే. అది రాకపోతే అమ్మినవాళ్లు రాని డబ్బు మీద 3,600 పన్ను కట్టినట్టు మిగిలిపోతారు. ఈ క్రెడిట్ నోటుకి గడువుంది. 2025-26 బిల్లులకి 2026 నవంబర్ 30, లేదా వార్షిక రిటర్ను వేసే రోజు, ఏది ముందైతే అది. ఆ తర్వాత ఇస్తే పన్ను వెనక్కి రాదు. అభ్యంతరం చెప్పడానికీ ఒక హద్దుంది. సూక్ష్మ, చిన్న సంస్థల చట్టం కింద సరుకు అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా చెప్పకపోతే, అందిన రోజే ఒప్పుకున్నట్టు లెక్క. స్టేట్‌మెంట్ చూశాక రెండు నెలల కిందటి సరుకు బాలేదని కొత్తగా చెబితే వ్యాపారి గట్టిగా అడగాల్సింది ఆ తేదీనే.

లెక్కలు కలిశాక కూడా చిక్కు తీరదు. ఒప్పుకున్న 1,53,400లో 1,30,000 వెంటనే ఇస్తామని, పన్ను భాగం 23,400 ఆపామని కంపెనీ అంటుంది. ఇది లెడ్జర్ తేడా కాదు. బాకీ ఉందని ఒప్పుకుంటూనే చెల్లింపు ఆపడం. కారణం, ఆగస్టు బిల్లు కంపెనీ జీఎస్టీఆర్-2బిలో కనపడలేదు. 2022 జనవరి నుంచి అందులో కనపడని బిల్లుకి కొన్నవాళ్లకి పన్ను క్రెడిట్ రాదు. పన్ను ఎగ్గొట్టారని తొందరపడి నిందించే ముందు ఒక ప్రశ్న అడగాలి, మీరు నెలకోసారి రిటర్ను వేస్తారా, మూడు నెలలకోసారా? 5 కోట్ల లోపు టర్నోవరున్న సంస్థలు మూడు నెలలకోసారి వేసే పద్ధతి ఎంచుకోవచ్చు. అలాంటివాళ్ల ఆగస్టు బిల్లు, సెప్టెంబర్ 13లోగా ఐఎఫ్‌ఎఫ్‌లో విడిగా ఎక్కించకపోతే, అక్టోబర్ 13 గడువున్న రిటర్నుతోనే బయటపడి 14న 2బిలోకి వస్తుంది. బాలానగర్‌లో జరిగింది ఇదే. మోసం లేదు, మరో వారం ఆగితే చాలు. అయితే ఆ వారం పేరుతో చెల్లింపును నెలలు సాగదీయడం కుదరదు. సూక్ష్మ, చిన్న సంస్థలకి ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటి ఆపకూడదు. దాటితే బ్యాంకు రేటుకి మూడు రెట్ల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీగా.

ఇలాంటి ఉత్తరం అందిన వ్యాపారికి ఒక మాట. జవాబు ఇవ్వకుండా పక్కన పెట్టకండి. ఒప్పుకున్న అంకెకు కంపెనీ సంతకంతో బ్యాలెన్స్ కన్ఫర్మేషన్ తీసుకోండి. బాకీ కోసం కోర్టుకు వెళ్లడానికి మామూలుగా మూడేళ్ల కాలపరిమితి ఉంటుంది. ఆ గడువు తీరకముందే రాతపూర్వకంగా బాకీ ఒప్పుకుంటే, సంతకం పెట్టిన రోజు నుంచి మూడేళ్లు మళ్లీ మొదలవుతాయి.