చదును పాదం: మునివేళ్ల పరీక్ష

స్నానం చేసి వచ్చిన నాలుగేళ్ల పాప తడి అడుగు గచ్చు మీద నిండుగా పడుతుంది, మధ్యలో వంపు జాడే ఉండదు. ఆ వయసులో అది మామూలే. పాదం కింద కొవ్వు ఎక్కువ, కీళ్లు వదులు. సాధారణంగా పదేళ్లలోపు వంపు తేలుతుంది.

పాపను మునివేళ్ల మీద నిలబెట్టి వెనక నుంచి చూడండి. వంపు లేచి, మడమ లోపలికి తిరిగితే, నొప్పి లేకపోతే, ఏ చికిత్సా అక్కర్లేదు. ఖరీదైన ఇన్‌సోళ్లు వంపును పుట్టించవు. నడిస్తే కాళ్లు నొప్పెట్టే పిల్లలకు ఉపశమనం ఇస్తాయి, అంతే.

మునివేళ్ల మీద నిలబడినా వంపు రాకపోయినా, ఒక్క పాదమే చదునుగా ఉన్నా సంగతి వేరు. బడి వయసులో పాదం బిగుసుకుని, చీలమండ తరచూ బెణుకుతుంటే లోపల రెండు ఎముకలు అతుక్కుని ఉండొచ్చు. అప్పుడు ఎముకల డాక్టరుకు చూపించండి.