ప్రోస్టేట్ ఎంఆర్ఐలో మూడు నాలుగయ్యేదెప్పుడు?

రేడియాలజీ విద్యార్థులకు చూపించే ఒక నమూనా కేసు ఇది. ప్రోస్టేట్ గ్రంథి వెనుక అంచున, కుడివైపు 11 మిల్లీమీటర్ల మచ్చ. దీనికి పైరాడ్స్ పద్ధతిలో 1 నుంచి 5 దాకా ఒక అంకె ఇవ్వాలి. అంకె పెరిగేకొద్దీ, చికిత్స అవసరమయ్యే క్యాన్సర్ అనే అనుమానం పెరుగుతుంది.

ముందు తేల్చుకోవాల్సింది మచ్చ ఎక్కడుందన్నది. లోపలి భాగంలో అయితే టీ2 చిత్రానిదే పైచేయి. అంచు భాగంలో మాత్రం నీటి కణాల కదలికను చూపే డిఫ్యూజన్ చిత్రాలే ప్రధానం. క్యాన్సర్‌లో కణాలు కిక్కిరిసి ఉండటంతో నీరు సులువుగా కదలదు. అప్పుడు ఏడీసీ చిత్రంలో మచ్చ నల్లగా, హై బీ-వాల్యూ చిత్రంలో తెల్లగా కనిపిస్తుంది.

మన కేసులో ఏడీసీలో బాగా నలుపే. రెండో చిత్రంలో తెలుపు మాత్రం అంతంతే. రెండూ గట్టిగా ఉంటేనే 4; కాబట్టి ఇది 3. ఇప్పుడు కాంట్రాస్ట్ చిత్రం చూడాలి. మందు ఎక్కించగానే సరిగ్గా అదే చోటు, చుట్టుపక్కల కంటే ముందే మెరిసింది. అంచు భాగంలో 3 వచ్చిన మచ్చకు ఇలా జరిగితే తుది అంకె 4. అదే 15 మిల్లీమీటర్లు దాటి, రెండు చిత్రాల్లోనూ గట్టిగా కనిపించి ఉంటే 5 అయ్యేది.

అయినా ఇది క్యాన్సర్ నిర్ధారణ కాదు. ప్రోస్టేట్ వాపు కూడా ఇలాగే కనిపించగలదు. ఆ మచ్చ నుంచే ముక్క తీసి పరీక్షిస్తేనే తేలుతుంది.