సీసాలో నిజంగా ఎంత పడుతుంది?

500 మి.లీ. అని రాసిన గాజు సీసాను అంచుదాకా నింపితే సాధారణంగా అంతకన్నా ఎక్కువే పడుతుంది. లేబుల్ చెప్పేది లోపలి సరుకు లెక్క. పైన కొంత ఖాళీ కావాలనే వదులుతారు. వేడికి ద్రవం ఉబ్బితే ఆ చోటే కాపాడుతుంది.

నిటారు సీసా లోపలి వ్యాసం 8 సెం.మీ., లోతు 11 అనుకోండి. 3.14 × 4 × 4 × 11 చేస్తే దాదాపు 553 మి.లీ. బయటి కొలతలు వాడితే మోసపోతాం: గోడ 3 మి.మీ., అడుగు 5 మి.మీ. మందముంటే లెక్క 668 చూపిస్తుంది! అడుగున ఉబ్బు, మెడ దగ్గర వంపు ఉంటే 553 కూడా కాస్త తగ్గుతుంది. అనుమానముంటే ఖాళీ సీసాను తూచి, అంచుదాకా నీళ్లు పోసి మళ్లీ తూచండి. పెరిగిన ప్రతి గ్రామూ సుమారు ఒక మిల్లీలీటరు.