మధ్య ట్యాంకు ఇస్తుందా, పుచ్చుకుంటుందా?

మూడు ట్యాంకులు, మూడు పైపులు, అన్నీ కలిసే ఒక జంక్షన్. పై ట్యాంకు నీళ్లిస్తుందని, కింది ట్యాంకు తీసుకుంటుందని బొమ్మ చూడగానే తెలిసిపోతుంది. ఎటూ తేలనిది మధ్యదాని సంగతే. అది తేలకపోతే సమీకరణంలో దాని ముందు ప్లస్ పెట్టాలో మైనస్ పెట్టాలో కూడా తెలియదు. అందుకే నేను ముందు దాన్నే పట్టుకుంటాను.

ఒక లెక్క చేద్దాం. నీటిమట్టాలు ఎ 100 మీటర్లు, బి 85, సి 60. పైపులన్నీ 300 మిల్లీమీటర్లవే. పొడవులు వరుసగా 1500, 600, 1200 మీటర్లు. ఫ్రిక్షన్ ఫ్యాక్టర్ 0.02 అనుకుని, ఘర్షణ నష్టాన్ని h = KQ² అని రాసుకుంటే K విలువలు 1020, 408, 816 వస్తాయి.

ఇక తెలియాల్సింది జంక్షన్ హెడ్ ఒక్కటే. అంటే జంక్షన్‌లో ఒక గాజు గొట్టం నిలబెడితే నీళ్లు ఏ మట్టం దాకా లేస్తాయో అది. జంక్షన్ ఉన్న నేల ఎత్తు కాదు.

మొదటి ఊహ ఎప్పుడూ మధ్య ట్యాంకు మట్టమే, ఇక్కడ 85. అప్పుడు బి పైపులో నీళ్లు కదలవు. ఎ నుంచి 15 మీటర్ల నష్టంతో సెకనుకు 121 లీటర్లు వస్తాయి, సి కి 25 మీటర్ల నష్టంతో 175 పోతాయి. వచ్చేదానికన్నా పోయేదే ఎక్కువ కాబట్టి అసలు హెడ్ 85 కన్నా కిందే ఉండాలి. అంటే బి కూడా నీళ్లిస్తోంది. దిశ తేలింది.

ఇప్పుడు 82 వేద్దాం. ఎ 133, బి 86, సి 164. ఈసారి 54 లీటర్లు మిగులు. 85 దగ్గర తక్కువైంది కూడా 54 లీటర్లే కదా, సరిగ్గా మధ్యలో 83.5 అనిపిస్తుంది. కానీ అక్కడ ఇంకా 18 లీటర్లు మిగులుతాయి. కారణం వర్గమూలం. హెడ్ 85 నుంచి 84 కి దిగితే ఎ, సి లు చెరో 4 లీటర్లు కూడా మారవు, బి మాత్రం సున్నా నుంచి ఒక్కసారిగా 50 కి ఎగబాకుతుంది. కాబట్టి బి మట్టం దగ్గర చిన్న చిన్న అడుగులే వేయాలి. 84 దగ్గర మిగులు 3 లీటర్లు. 84.1 దగ్గర ఎ 125, బి 47, మొత్తం 172. సి కి పోయేదీ 172.

ఈ మూడింట్లో నేను తక్కువ నమ్మేది 47 నే. బి కి ఉన్న హెడ్ తేడా 0.9 మీటరు మాత్రమే. మనం వదిలేసిన వెలాసిటీ హెడ్ సి పైపులోనే సుమారు 0.3 మీటరు ఉంటుంది. జంక్షన్ హెడ్ అంత దిగితే బి 54 అవుతుంది, ఎ మాత్రం 126 దగ్గరే ఉంటుంది.

పైగా బి ఎప్పుడూ ఇచ్చేదే అనుకోకూడదు. సి వైపు వాల్వు బాగా బిగిస్తే జంక్షన్ హెడ్ 85 దాటి, బి నిండడం మొదలవుతుంది. అప్పుడూ పాత గుర్తులతోనే లెక్క వేస్తే రూట్ కింద మైనస్ వచ్చి క్యాలిక్యులేటర్ Math ERROR అంటుంది. వాల్వు ముట్టుకోకుండానే బి ని నింపాలంటే ఎ మట్టం 116.25 మీటర్లు దాటాలి.