స్మార్ట్ స్విచ్చు మొరాయిస్తే: సిగ్నలా, న్యూట్రలా, రిలేనా?

స్మార్ట్ స్విచ్చు లోపల ముఖ్యంగా మూడు భాగాలు ఉంటాయి. ఒకటి 230 వోల్టుల ఏసీని 5 లేదా 3.3 వోల్టుల డీసీగా మార్చే చిన్న పవర్ సప్లై. రెండోది రూటర్‌తో సంబంధం పెట్టుకునే వై-ఫై చిప్. మూడోది బల్బుకు వెళ్లే ఫేజును కలిపి, విడదీసే రిలే. ఫోన్‌లో స్విచ్చు ‘ఆఫ్‌లైన్’ అని కనిపించినా, ఎవరూ ముట్టుకోకుండానే టక్‌మన్నా లోపం సాధారణంగా వీటిలో ఏదో ఒకదాని దగ్గర ఉంటుంది. సిగ్నల్ చాలకపోతే చిప్‌కు రూటర్ అందదు. న్యూట్రల్ లేకపోతే పవర్ సప్లైకి కరెంటు సరిపోదు. రిలే అరిగితే ఆదేశం అందినా బల్బు దాన్ని పాటించదు. ఒక భాగం తప్పినప్పుడు మిగిలిన రెండూ ఏం చేస్తున్నాయో గమనిస్తే ఈ మూడు లోపాలను విడదీయవచ్చు.

అంతకుముందు రెండు విషయాలు చూసుకోవాలి. యాప్‌లో ఎప్పుడో పెట్టి మరిచిన టైమరు గానీ, ఇంట్లో మరొకరి ఫోన్ గానీ స్విచ్చును నడుపుతూ ఉండవచ్చు. యాప్‌లోని చరిత్ర పేజీలో ఆ ఆదేశం సమయంతో సహా కనిపిస్తుంది. పాత బోర్డు వెనుక అమర్చే మాడ్యూళ్లలో మామూలు స్విచ్చు నుంచి మాడ్యూల్‌కు వచ్చే సన్నటి తీగ, కరెంటు తీగల పక్కనే చాలా దూరం నడిస్తే, దానిలో పుట్టే ప్రేరిత వోల్టేజీని మాడ్యూల్ స్విచ్చు నొక్కినట్టుగా భావించవచ్చు. ఆ తీగను విప్పి ఒక రోజు ఉంచితే ఈ అనుమానం తీరిపోతుంది. తీగ ముట్టుకునే ముందు ఎంసీబీ దించాలి.

సిగ్నల్ బలహీనత

ఎక్కువ స్మార్ట్ స్విచ్చులు 2.4 గిగాహెర్ట్జ్ వై-ఫై మీద పనిచేస్తాయి. చిప్ యాంటెన్నా సర్క్యూట్ బోర్డు మీదే గీసిన సన్నటి రాగి గీత. అది గోడలో పాతిన ఇనుప పెట్టెలో, తీగల మధ్య, ఇనుప ఊచలున్న కాంక్రీటు వెనుక ఉంటుంది. అందుకే స్విచ్‌బోర్డు ముందు నిలబడితే ఫోన్‌లో సిగ్నల్ నిండుగా కనిపించినా, లోపలి చిప్‌కు అంత అందుతోందని చెప్పలేం. పైగా ఫోన్ అప్పటికి 5 గిగాహెర్ట్జ్ మీద ఉండవచ్చు.

సిగ్నల్ బలాన్ని డీబీఎం అనే రుణసంఖ్యలో చెబుతారు. విలువ సున్నా నుంచి దూరమయ్యేకొద్దీ బలం తగ్గుతుంది. 10 తగ్గితే అందే శక్తి పదో వంతు అవుతుంది కాబట్టి −50 దగ్గర అందే శక్తిలో వెయ్యో వంతే −80 దగ్గర అందుతుంది. −65 వరకు స్విచ్చు నిశ్చింతగా పనిచేస్తుంది. −75 దాటితే పక్కింటి రూటర్లు రద్దీగా ఉండే సాయంత్రం వేళల్లో సంబంధం తెగడం మొదలవుతుంది. −85 దగ్గర నిలకడ ఆశించలేం.

సిగ్నల్ తెగినంత మాత్రాన స్విచ్చులోని పవర్ సప్లై ఆగదు, రిలే కదలదు. బల్బు ఉన్న స్థితిలోనే ఉంటుంది. చేత్తో నొక్కితే వెంటనే వెలుగుతుంది, ఆరుతుంది. యాప్‌లో మాత్రమే ఆఫ్‌లైన్ అని వస్తుంది. కాబట్టి చేతికి సక్రమంగా పలుకుతూ ఫోన్‌కు మాత్రమే అందని స్విచ్చులో ముందుగా సిగ్నల్‌నే చూడాలి. దీనికి ఒక మినహాయింపు ఉంది. చాలాసేపు రూటర్ దొరకకపోతే కొన్ని స్విచ్చుల ఫర్మ్‌వేర్ తనను తాను రీస్టార్ట్ చేసుకుంటుంది. అప్పుడు రిలే కూడా ఒకసారి టక్‌మనవచ్చు.

నిర్ధారణకు సులువైన పరీక్ష ఉంది. ఇంటి రూటర్‌ను ఆపి, అదే పేరుతో, అదే పాస్‌వర్డ్‌తో ఒక ఫోన్‌లో 2.4 గిగాహెర్ట్జ్ హాట్‌స్పాట్ పెట్టి, ఆ ఫోన్‌ను స్విచ్‌బోర్డుకు మీటరు దూరంలో ఉంచాలి. రోజూ తెగే సమయంలోనూ సంబంధం నిలిస్తే లోపం సిగ్నల్‌దే. రూటర్‌ను దగ్గరికి జరపడం, మరో యాక్సెస్ పాయింటు పెట్టడం, 1, 6, 11 చానళ్లలో రద్దీ తక్కువగా ఉన్నదాన్ని స్థిరంగా ఎంచడం దీనికి పరిష్కారాలు.

న్యూట్రల్ లేకపోవడం

మామూలు స్విచ్చుకు రెండు తీగలు చాలు. ఫేజు వస్తుంది, బల్బుకు వెళుతుంది. న్యూట్రల్ నేరుగా బల్బు హోల్డరుకే పోతుంది. ప్లగ్గు ఉన్న బోర్డులో న్యూట్రల్ ఎలాగూ ఉంటుంది. స్విచ్చులు మాత్రమే ఉన్న పాత బోర్డుల్లో అది లేకపోవడం మామూలే. స్మార్ట్ స్విచ్చు మాత్రం బల్బు ఆరి ఉన్నప్పుడు కూడా మేలుకుని ఉండాలి. న్యూట్రల్ ఉంటే దాని అవసరం నేరుగా తీరుతుంది. లేనప్పుడు రెండు తీగల స్విచ్చు తనకు కావలసిన కరెంటును బల్బు గుండానే లాగుకుంటుంది.

చిక్కు అంకెల్లో స్పష్టంగా తెలుస్తుంది. వై-ఫై చిప్‌కు సగటున పావు వాటు కావాలి. 5 వోల్టుల సాధారణ రిలే కాయిల్ కలిసి ఉన్నంతసేపూ మరో 0.36 వాటు తీసుకుంటుంది. రెండూ కలిపి సుమారు 0.6 వాటు. వెలిగే 60 వాట్ల ఫిలమెంటు బల్బు గుండా 260 మిల్లీఆంపియర్లు పారతాయి కాబట్టి, ఆ దారిలో రెండు మూడు వోల్టులు తగ్గించుకుంటే స్విచ్చు అవసరం తీరుతుంది. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు గుండా పారేది 40 మిల్లీఆంపియర్లకు కాస్త అటూ ఇటూ. అదే 0.6 వాటు రావాలంటే 15 వోల్టుల వరకు తగ్గించుకోవాలి. పెద్ద బల్బును దృష్టిలో పెట్టుకుని చేసిన స్విచ్చుకు అది సాధ్యం కాదు.

అప్పుడు రిలే కలిసిన మరుక్షణం పవర్ సప్లై కుంగిపోతుంది. రిలే జారిపోతుంది, చిప్ ఆగుతుంది. రిలే జారగానే పవర్ సప్లై మళ్లీ పుంజుకుని చిప్ మేలుకుంటుంది. చివరి స్థితి ‘ఆన్’ అని గుర్తుపెట్టుకుని రిలేను మళ్లీ కలుపుతుంది, మళ్లీ కుంగుతుంది. తనంతట తానే టక్ టక్‌మనడానికి తరచుగా కారణం ఈ చక్రమే. బల్బు ఆరి ఉన్నప్పుడు ఇంకో లక్షణం కనిపిస్తుంది. స్విచ్చు లాగే ఒకటి రెండు మిల్లీఆంపియర్లు ఎల్‌ఈడీ లోపలి కెపాసిటర్‌ను మెల్లగా నింపడంతో బల్బు మసకగా వెలుగుతుంది, లేదా కొన్ని సెకన్లకోసారి మెరుస్తుంది.

న్యూట్రల్ ఉండి వదులుగా ఉన్నా ఇలాంటి ఇబ్బందే వస్తుంది. అయితే అది బల్బు వాట్లను బట్టి మారదు. అదే బోర్డు మీది ఇతర బల్బులు, ఫ్యాన్లు కూడా తడబడుతుంటాయి.

టెస్టర్‌లో లైటు వెలగని తీగ న్యూట్రలే కావాలని లేదు. అది ఎర్తు కావచ్చు, ఎక్కడా కలవని తీగ కావచ్చు. మెయిన్ బోర్డు నుంచి తీగ ఎటు వచ్చిందో ఎలక్ట్రీషియన్ చూసి నిర్ధారించాలి. ఎర్తు తీగను న్యూట్రల్‌గా ఎన్నటికీ వాడకూడదు. స్విచ్చు పనిచేసినట్టే ఉంటుంది గానీ, ఆర్‌సీసీబీ ట్రిప్ కావచ్చు. ఎర్తు ఎక్కడైనా తెగితే దానికి కలిపిన ఫ్రిజ్, గీజర్ల ఇనుప భాగాలు షాక్ కొట్టవచ్చు.

అసలైన పరిష్కారం అదే సర్క్యూట్ న్యూట్రల్‌ను బోర్డులోకి లాగడం. అది కుదరకపోతే తయారీదారు ఇచ్చే బైపాస్ కెపాసిటర్‌ను హోల్డరు దగ్గర బల్బుకు సమాంతరంగా కలుపుతారు. అది వాట్లు దాదాపు ఖర్చు చేయకుండానే స్విచ్చుకు కావలసిన కరెంటుకు దారి ఇస్తుంది.

రిలే అరుగుదల

రిలేలో టక్‌మని కదిలేది ఒక ఇనుప రేకు. కాయిల్‌లో కరెంటు పారగానే అది లాగబడి, వెండి మిశ్రమంతో చేసిన రెండు కాంటాక్టులను కలుపుతుంది. కలిసేటప్పుడు అవి ఒకటి రెండు మిల్లీసెకన్లు ఎగిరెగిరి తాకుతాయి. సరిగ్గా ఆ వేళలోనే ఎల్‌ఈడీ డ్రైవరులోని ఖాళీ కెపాసిటర్ ఒక్కసారిగా కరెంటు లాగుతుంది. ఆ క్షణికమైన ఉరవడి బల్బు మామూలుగా తీసుకునే కరెంటుకు ఎన్నో రెట్లు ఉంటుంది. కాంటాక్టుల మధ్య నిప్పురవ్వ లేచి లోహం కరుగుతుంది. ఫ్యాను, మోటారు లాంటివి ఆపేటప్పుడూ ఇలాంటి నిప్పే లేస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ కాంటాక్టులు గుంటలు పడి సరిగా కలవవు, లేదా ఒకదానికొకటి అతుక్కుపోతాయి.

ఈ లోపానికి గుర్తు చప్పుడుకూ వెలుగుకూ పొంతన లేకపోవడం. యాప్‌లో స్విచ్చు ఆన్‌లైన్‌లోనే ఉంటుంది. ఆదేశం ఇస్తే టక్‌మంటుంది. అయినా బల్బు ఆరదు, లేదా వెలగదు. సాధారణంగా యాప్ చూపేది ఇచ్చిన ఆదేశాన్నే గానీ కాంటాక్టు నిజ స్థితిని కాదు కాబట్టి, వెలుగుతున్న బల్బును కూడా ‘ఆఫ్’ అని చూపిస్తుంది. ఎంసీబీ దించి, స్విచ్చును విడిగా తీసి, ఫేజు వచ్చే టెర్మినల్‌కూ బల్బుకు వెళ్లే టెర్మినల్‌కూ మధ్య మల్టీమీటర్‌తో చూడాలి. సాధారణ రిలే కాయిల్‌కు కరెంటు లేనప్పుడు దారి తెరుచుకుని ఉండాలి. అక్కడ సున్నా ఓమ్‌లకు దగ్గరగా వస్తే కాంటాక్టులు అతుక్కున్నట్టే. స్విచ్చు మీద తట్టితే అవి ఒక్కోసారి విడిపోతాయి గానీ అది మరమ్మతు కాదు. ప్లాస్టిక్ రంగు మారినా, మాడిన వాసన వచ్చినా స్విచ్చును ఇక వాడకూడదు.

10 ఆంపియర్ల సాధారణ రిలేకు పూర్తి లోడు మీద సుమారు లక్ష సార్లు పనిచేసే ఆయుష్షు ఉంటుంది. రోజుకు 20 సార్ల చొప్పున అది 13 ఏళ్లకు పైమాటే. పది సెకన్లకోసారి టక్‌మనే స్విచ్చులో రోజుకు 8,640 సార్లు అవుతుంది, అంటే లక్ష పన్నెండు రోజుల్లోపే పూర్తవుతుంది. న్యూట్రల్ లోపాన్ని పట్టించుకోకపోతే అదే రిలే లోపంగా మారుతుంది. అప్పుడు రిలే ఒక్కటే మార్చినా, స్విచ్చే మార్చినా కొద్దికాలానికే లోపం తిరగబెడుతుంది.

ఒక ఉదాహరణ

మేడ మీది గదిలో రెండు తీగల వై-ఫై స్విచ్చు ఉందనుకుందాం. 60 వాట్ల బల్బు తీసి 9 వాట్ల ఎల్‌ఈడీ పెట్టాక అది తరచుగా ఆఫ్‌లైన్ అవుతోంది, రాత్రిళ్లు టక్‌మంటోంది. రూటర్ కింది అంతస్తులో ఉండటంతో అనుమానం సిగ్నల్ మీదికే పోతుంది. స్విచ్చులో టాస్మోటా అనే ఫర్మ్‌వేర్ ఉంటే, దాని కన్సోల్‌లో `Status 11` అని టైపు చేసినప్పుడు వచ్చే వివరాల్లో ఇవి ఉంటాయి:

```
"Uptime":"0T00:07:42"
"Signal":-62
"LinkCount":1
```

మొదటిది స్విచ్చు చివరిసారి మేలుకుని ఎంతసేపైందో చెబుతుంది. కరెంటు పోకపోయినా అది ఏడు నిమిషాల 42 సెకన్లే చూపుతోందంటే స్విచ్చు ఈలోపే ఆగి లేచింది. సిగ్నల్ −62, బాగానే ఉంది. మూడోది మేలుకున్నాక రూటర్‌తో ఎన్నిసార్లు కలిసిందో చెప్పే లెక్క. అది ఒక్కటే, అంటే సంబంధం మధ్యలో తెగలేదు. లోపం సిగ్నల్‌దే అయివుంటే సమయం రోజుల తరబడి పెరుగుతూ, కలిసిన లెక్క పదుల్లో ఉండేది. `Status 1`లో `RestartReason` ఎదుట `Power On` అని ఉంటే రీస్టార్ట్‌కు కారణం ఫర్మ్‌వేర్ కాదు, కరెంటు చాలకపోవడమేనని తేలుతుంది.

టాస్మోటా లేని స్విచ్చుల్లో సూచిక లైటును గమనించాలి. కొత్తగా కరెంటు ఇచ్చినప్పుడు అది ఎలా మిణుకుతుందో, చప్పుడు వచ్చిన వెంటనే కూడా అలాగే మిణికితే స్విచ్చు రీస్టార్ట్ అయినట్టే. పాత 60 వాట్ల బల్బును ఒక రాత్రి తిరిగి పెట్టి చూడటం చివరి పరీక్ష. చప్పుడు ఆగిపోతే లోపం న్యూట్రల్ లేని పవర్ సప్లైదే. బైపాస్ కెపాసిటర్ గానీ న్యూట్రల్ తీగ గానీ అమర్చాక ఎల్‌ఈడీని మళ్లీ పెట్టి, `Uptime` లెక్క ఆగకుండా పెరుగుతోందో లేదో కొన్ని రోజులు చూడాలి. అది పెరుగుతూనే ఉండి, బల్బు మాత్రం చప్పుడుకు స్పందించకపోతే, ఈలోపు రిలే కూడా దెబ్బతిన్నదని అర్థం. స్విచ్చును మార్చాల్సింది అప్పుడే.